పెద్ద తెర మీద మొదటి సినిమా

ఆదివారం, రాత్రి పదిన్నర

ఇన్నాళ్లూ టీవీలోనే సినిమాలు. ఇవాళ మనవరాలు హాలుకి తీసుకెళ్లింది.

ముందు మెట్ల సంగతి రాయాలి. ఎండలోంచి లోపలికి అడుగు పెడితే ఏమీ కనపడదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడ్డానికి అరగంట దాకా పడుతుంది. అందుకే లైట్లు తీసెయ్యక ముందే వెళ్లి కూర్చోవాలి. మెట్ల అంచున చిన్న దీపాలున్నాయి గానీ, నాలాగా రెండు పవర్ల కళ్లద్దాలున్నవాళ్లు కిందికి చూస్తే చూపు చదువుకునే అద్దంలోంచి పోతుంది, మెట్టు అలికేసినట్టుంటుంది. తల బాగా వంచి పై అద్దంలోంచే చూడాలి. కుర్చీ అయితే మనం లేవగానే పైకి మడుచుకుపోతుంది. మళ్లీ కూర్చునేటప్పుడు చేత్తో కిందికి నొక్కిపెట్టి, అప్పుడు కూర్చోవాలి. వెనక్కి మరీ వాలినా మళ్లీ చదువుకునే అద్దమే అడ్డొచ్చి బొమ్మ మసకేస్తుంది.

చెవి మిషన్ సౌండు మొదట్లోనే తగ్గించుకున్నాను. ఉరుము ఉరిమితే చెవిలో కన్నా ముందు డొక్కలో తెలిసింది. కానీ మాటలు ఎంత స్పష్టంగా ఉన్నాయో! ఎవరు మాట్లాడితే వాళ్ల నోట్లోంచే వస్తున్నట్టుంది. సినిమా అయిపోయి లైట్లు వేశాక తెర దగ్గరికి వెళ్లి చూశాం. నున్నటి గోడ కాదది, నిండా సన్నటి బెజ్జాలు! స్పీకర్లు తెర వెనకాల పెడతారట, శబ్దం ఆ బెజ్జాల్లోంచి ఇవతలికి వస్తుందట. సీట్లోంచి చూస్తే ఒక్కటీ కనపడదు. వాన చప్పుడు మాత్రం పక్క గోడల మీది స్పీకర్లలోంచి వచ్చింది, మనమూ ఆ వానలోనే ఉన్నామనిపించింది.

అన్నిటికన్నా నచ్చింది, చూపు తిప్పుకుంటూ చూడ్డం. టీవీ అయితే బొమ్మంతా ఒక్క చూపులో పడుతుంది. ఇక్కడ ఎడమ పక్క తలుపు వైపు చూస్తుంటే కుడి పక్క వాడి మొహంలో మార్పు తప్పిపోతుంది. ఒక చోట ముసలావిడ సూదిలో దారం ఎక్కిస్తుంది. తెర నిండా వేళ్లే. గోరు పక్కన లేచిన తోలు, తడిపి నలిపిన దారం కొస, మొదటిసారి బెజ్జం తప్పి పక్కకి వంగడం. కథలో అది ఒక్క క్షణమే. నాకు మాత్రం సినిమా అంతటిలోకీ అదే గొప్పగా ఉంది. ఆ వేళ్లని అంత పెద్దగా చూపించాలని తోచినవాడికి దణ్ణం పెట్టాలి.

ముందు వరసల్లో కూర్చుంటే మెడ పైకెత్తే ఉంచాలి. మేం కూర్చున్నది హాల్లో మూడింట రెండొంతులు వెనక్కి, వరస మధ్యలో. బొమ్మకీ శబ్దానికీ అదే సరైన చోటు. ఏసీ చలికి శాలువా, సాక్సు ఉండాల్సిందే.

మోకాలు చాపుకోవడానికి ఈసారి నడవ పక్క సీటు తీసుకుందాం నానమ్మా అంది పిల్ల. వద్దు, మధ్యదే తియ్యి, లైట్లు వేసి జనం కదిలాకే లేద్దాం అన్నాను.