పెద్దలకి పంచె

రెండు కేజీల బియ్యానికి కేజీన్నర బెల్లం. కరిగిన బెల్లాన్ని అప్పలనర్సమ్మ వడకట్టి, అడుగున దిగిన ఇసక పారబోసి, మళ్ళీ పొయ్యెక్కించింది. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాయి, రెండుసార్లు నీళ్ళు మార్చారు. మర పట్టించిన తడిపిండి కార్తీక్ ముందు పళ్ళెంలో ఉంది.

"దాని మీద గుడ్డ కప్పరా. పిండి ఆరితే అరిసె బీటలేస్తాది."

కప్పాడు. భోగికి ముందు రోజు హైదరాబాదు నుంచి దిగినప్పట్నుంచి ఒకటే మాట నాన్చుతున్నాడు, ఇప్పుడు అనేశాడు.

"మామ్మా, పెద్దపండగనాడు తాతయ్యకి బట్టలు సరోజత్త పెడుతుంది. నేను కాదు."

పొందూరు చుట్టుపక్కల పెద్దపండగంటే ముందు పెద్దలకి పెట్టుకోవడమే. ఇంట్లో పోయినవాళ్ళ పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, ఆకేసి వడ్డించి, ఆ తర్వాతే మిగతావాళ్ళు తింటారు. తాత పోయి ఏడాది తిరిగింది. కొడుకు అంతకు ముందే పోయాడు. కాబట్టి ఆ పని మనవడిది.

"ఇంటిపేరు మారిన పిల్ల పెడితే మీ తాతకి అందుతాదేటి?"

"పక్షవాతమొచ్చి తాతయ్య రెండేళ్ళు మంచంలో ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చింది ఎవరు? వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. ఆ చేత్తో తినిపిస్తే అందింది, పంచె పెడితే అందదా?"

అప్పలనర్సమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. "దానికి అత్తారింటి పెద్దలున్నారు. అదే రోజు రాజాంలో వాళ్ళకి పెట్టుకోవాలి. రెండు చోట్ల ఎలా సేస్తాది?"

"పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. అసలు సంగతి భూమి కదా మామ్మా? పంచె పెడితే వాటా అడుగుతుందని ఊళ్ళో అంటారని. ఆడపిల్లకి సమాన వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టమొచ్చింది. అత్త పెళ్ళి 1992లో."

"సట్టం నాకు సెప్పకు. యాభై సెంట్లు దాని పేరున రాయించి ఏడాదైంది. మీ అమ్మనడుగు."

కార్తీక్‌కి నోట మాట రాలేదు. అది అతనికి ఎవరూ చెప్పలేదు.

అంతలో పాకం వాసన మారింది. ఆమె చప్పున చల్లనీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి చూసింది. వేలికి మెత్తగా ఉండ కట్టాల్సింది, గట్టిపడి పళ్ళానికి తగిలి ఠంగుమంది. ఆ పాకానికి జీళ్ళు వస్తాయి గానీ అరిసె రాదు. ఈ పాకంలో పిండి పోస్తే అరిసెలు రాళ్ళవుతాయి. పాకం లేతగా ఉంటే మరో గోల, నూనెలో వేయగానే విచ్చిపోతాయి. ఆమె విసుక్కోలేదు. అరగ్లాసు వేడినీళ్ళు పోసి, మంట తగ్గించి, మళ్ళీ ఉండపాకం వచ్చేదాకా కాచడం మొదలెట్టింది.

"మరెందుకు మామ్మా వద్దంటున్నావు?"

"అది పెట్టేత్తే నీకు ఇక్కడ పనేటి మిగిలింది? మీ నాన్న లేడు. ఈ ఇంటికి ఏడాదికో పాలి నువ్వు రావడానికి ఉన్నది ఆ పంచొక్కటే. అదీ తీసేత్తే ఫోనులో పండగ సెప్తావు."

ఆ మాట అబద్ధమని అతనికి అనాలనిపించింది. నిరుడు సంక్రాంతికి సెలవు దొరకలేదన్నాడు, నిజానికి అడగలేదు.

"ప్రతి ఏడూ వస్తానని మాటివ్వలేను మామ్మా. పంచె నా చేతిలో పెట్టినా ఇవ్వలేను. కానీ అత్తని పక్కన నిలబెట్టి నేను పెట్టడం మాత్రం నావల్ల కాదు."

అప్పలనర్సమ్మ ఇంకో చుక్క నీళ్ళలో వేసింది. ఈసారి వేలి కింద మెత్తగా చేరింది. గుప్పెడు నువ్వులు పాకంలో చల్లి, చెయ్యి తుడుచుకుని, పక్కనున్న ఫోను అందుకుంది.

"ఒలే సరోజా, పండగనాడు మీ ఇంట్లో పెట్టుకోవడం అవగానే బయల్దేరు. నువ్వొచ్చేదాకా ఇక్కడ ఆకెయ్యను. పంచె కొనకు, పొందూరుది తెచ్చి ఉంచినాను. కొబ్బరికాయ నీ మేనల్లుడు కొడతాడు, పంచె నువ్వు పెడుదువుగాని. ఏడవకే, ఈ ఒక్క ఏడాదికే సెప్తన్నాను."

ఫోను పెట్టేసింది.

"వచ్చే ఏడాదో?" అన్నాడు కార్తీక్.

"వచ్చే ఏడు నువ్వొత్తే అప్పుడు తగువాడుకుందాం. ముందా పిండి పొయ్యి, కొంచెం కొంచెం. ఉండ కట్టనీకు. పాకం మళ్ళీ ముదిరిపోతాది."