విషయం: పరవాడ క్యూసీ హెడ్ ఉద్యోగం గురించి నా సమాధానం

రామకృష్ణ గారికి,

నమస్కారం. మంగళవారం సాయంత్రం మీరు ఫోన్ చేసి, పరవాడ ఫార్మా సిటీలోని ప్లాంటుకు క్వాలిటీ కంట్రోల్ హెడ్ కావాలని చెప్పినప్పుడు, ఉద్యోగ వివరాల పత్రం చదివి శనివారంలోగా ఏ సంగతీ తెలియజేస్తానన్నాను. పత్రాన్ని రెండుసార్లు చదివాను, ఇంట్లోనూ మాట్లాడుకున్నాం. ఈ ఉద్యోగానికి నా పేరు పంపవద్దనీ, నా బయోడేటా ఇంకా కంపెనీకి చేరకపోతే మీ దగ్గరే ఆపేయవలసిందనీ కోరుతున్నాను. ఈ మాట ఫోన్లోనే చెప్పి ఊరుకోవచ్చు గానీ, కారణాలు రాసి ఇస్తే రేపు మరో ఉద్యోగం వచ్చినప్పుడు మీకు పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. జీతం కారణం కాదు. ఇప్పటి జీతం మీద 35 శాతం పెంపు, ఇంటి అద్దె, మూడు నెలల నోటీసు కాలానికి నేను కట్టవలసిన సొమ్ము కూడా కంపెనీయే భరిస్తుందనడం, ఇవన్నీ న్యాయమైన షరతులే. నిజం చెప్పాలంటే, నా అర్హతకు మించినవి కూడా. అందుకే జీతం గురించి మరోసారి కంపెనీతో మాట్లాడి చూస్తానని మీరు శ్రమపడవద్దు.

అసలు కారణం పని స్వభావం. 2011 నుంచి 2014 వరకు నేను క్యూసీలోనే ఉన్నాను, కాని అప్పుడు నేను చేసింది హెచ్‌పీఎల్‌సీ పరికరం ముందు కూర్చుని శాంపిళ్లు ఇంజెక్ట్ చేయడం, ఫలితాలు రాసివ్వడం మాత్రమే. ఆ తర్వాత గడిచిన పన్నెండేళ్లూ అనలిటికల్ ఆర్ అండ్ డీలోనే గడిచాయి. ఒక మందులో ఏ మలినం ఎంత ఉందో పట్టుకోవడానికి కొత్త పద్ధతిని తయారు చేయడం, అది ఎక్కడ చెడిపోతుందో ముందే కనిపెట్టడం, వాలిడేట్ చేసి క్యూసీ వాళ్లకు అప్పగించడం నా పని. మీరు పంపిన పత్రంలో ఉన్న పని నేను అప్పగించిన చోట మొదలవుతుంది. మూడు షిఫ్టులలో అరవైమందికి పైగా అనలిస్టులు, రోజూ డిస్పాచ్ కోసం ఎదురుచూసే బ్యాచ్‌లు, స్పెసిఫికేషన్ దాటిన ఫలితాల మీద విచారణలు, అర్ధరాత్రి పరికరం ఆగిపోతే వచ్చే ఫోన్లు. ఆ పనిని నేను చిన్నచూపు చూడడం లేదు. క్యూసీ సంతకం పడకపోతే ఒక్క మాత్ర కూడా గేటు దాటదని మా అందరికీ తెలుసు. అయితే అది మనుషులనూ సమయాన్నీ నడిపించే పని, నాకు చేతనైనది మాలిక్యూల్‌తో కుస్తీ పట్టే పని.

మరొకటి కూడా ఉంది. ఇటీవలి తనిఖీలో ఆ ప్లాంటుకు లోపాలు రాసిచ్చే 483 పత్రం వచ్చిందనీ, అందులో ఎక్కువ భాగం ల్యాబ్ రికార్డుల మీదేననీ మీరు దాచకుండా చెప్పారు. చాలామంది ఆ మాట ఇంటర్వ్యూ అయ్యేదాకా బయటపెట్టరు. అమెరికా ఎఫ్‌డీఏ పరిశీలనలకు సమాధానం ఇవ్వడానికి కంపెనీకి దొరికేది 15 పనిదినాలు. ఆ సమాధానం రాసి చేతులు దులుపుకుంటే సరిపోదు. అందులో ఇచ్చిన ప్రతి మాటనూ ఆ తర్వాత నెలల తరబడి నేల మీద అమలు చేసి చూపించాలి. ఆడిట్ ట్రెయిల్స్ తిరగేయడం, ఎవరి పాస్‌వర్డుతో ఎవరు పనిచేశారో తేల్చడం, భయపడిపోయిన కుర్రాళ్లచేత నిజం చెప్పించడం అనుభవంతో వచ్చే విద్యలు. ఒకసారి తనిఖీ గదిలో నేనూ కూర్చున్నాను, కాని నన్ను అడిగింది వాలిడేషన్ గురించే. కాబట్టి ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడితే కంపెనీ మొదటి ఆరు నెలలు నాకు పని నేర్పడానికే ఖర్చుపెట్టవలసి వస్తుంది. ఆ ఆరు నెలలు వాళ్ల దగ్గర లేవు.

ఇంటి సంగతి రెండవ కారణమే అయినా, అదీ చిన్నది కాదు. మా అమ్మాయి ఇప్పుడు పదవ తరగతి చదువుతోంది, పరీక్షలు 2027 మార్చిలో. ఈ మధ్యలో ఇల్లు కదల్చలేం. మీరు అన్నట్టు కొన్నాళ్లు నేనొక్కదాన్నే అక్కడ ఉండి, శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం ఇంట్లో గడిపి మళ్లీ రాత్రికి బయలుదేరడం చేయవచ్చు. మా వారు అలా రెండేళ్లు తిరిగారు, ఆ తిరుగుడులో మిగిలిందేమిటో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. పైగా ప్లాంటులో క్యూసీ హెడ్‌కు ప్రతి శనివారం సాయంత్రం రైలు సమయానికి తెరిపి దొరుకుతుందని మీరూ నమ్మరు, నేనూ నమ్మను.

ఇంటర్వ్యూకి వెళ్లి చూడమని, నచ్చకపోతే అప్పుడే కాదనవచ్చునని మీరు సలహా ఇచ్చారు. మీ ఉద్దేశం మంచిదే. కాని ఆఫర్ కాగితం చేతికి తీసుకుని, దాన్ని ఉన్నచోట చూపించి జీతం పెంచుకుని, చేరవలసిన రోజున ఫోన్ ఎత్తకపోవడం మన రంగంలో ఎంత మామూలైపోయిందో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. చేరనని ముందే తెలిసి ప్యానెల్ ముందు కూర్చోవడం కూడా దానికి దగ్గర చుట్టమే. వాళ్ల సమయమూ, ఆ కంపెనీ దగ్గర మీ మాటకున్న విలువా నా సరదాకు ఖర్చు చేయలేను.

ఇంత వివరంగా రాయడానికి ఒక పాత ఋణం కూడా కారణం. 2022లో మీ ద్వారా ఒక ఇంటర్వ్యూకి వెళ్లి ఎంపిక కాలేదు. ఎంపిక కానివాళ్లకు ఫోన్ చేసే కన్సల్టెంట్లు అరుదు. మీరు ఫోన్ చేయడమే కాకుండా, నేను ఏ పరామితి ఎంత పెట్టానో చక్కగా చెప్పాననీ, అది అంతే ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు మాత్రం తడబడ్డాననీ ప్యానెల్ అన్న మాటను మెత్తబరచకుండా నాకు చేరవేశారు. ఆ రోజు మనసు చివుక్కుమన్న మాట నిజమే. కాని 2023 నవంబరులో ఐసీహెచ్ క్యూ14 మార్గదర్శకం ఖరారై, పద్ధతిని ఎలా తయారు చేశామో, ఏ హద్దుల మధ్య అది నిలబడుతుందో కారణాలతో సహా చూపించడం మా పనిలో ముఖ్యమైనప్పుడు, మీ ఫోన్ పుణ్యాన నేను అప్పటికే ఒక ఏడాది ముందున్నాను. ఈ సంగతి మీకు ఎప్పుడో చెప్పవలసింది, ఇన్నాళ్లకు కుదిరింది.

నా పేరు మీ వెతుకులాటలో ఎందుకు పైకి వచ్చిందో కూడా ఊహించగలను. ఉద్యోగ వివరాల చివర మెథడ్ డెవలప్‌మెంట్, మెథడ్ ట్రాన్స్‌ఫర్ అని రెండు పంక్తులున్నాయి. మిగిలిన పత్రమంతా క్యూసీ నిర్వహణ గురించే. ఆ ప్లాంటులో మెథడ్ డెవలప్‌మెంట్ విడిగా లేకపోతే, ఆ రెండు పంక్తుల్లో ట్రాన్స్‌ఫర్‌ను ఉంచి డెవలప్‌మెంట్‌ను తీసేయమని కంపెనీకి సూచించండి. లేకపోతే నాలాంటి ఆర్ అండ్ డీ వాళ్లందరూ మీ జాబితాలో చేరి, మీకు కావలసిన వాళ్లు కిందపడిపోతారు. తప్పు నాది కూడా ఉంది. జాబ్ సైట్‌లో నా ప్రొఫైల్ మొదటి వాక్యంలోనే క్యూసీ అనుభవం అని ఇప్పటికీ ఉంది. ఈ వారాంతంలో దాన్ని సరిదిద్దుతాను.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి. పైడిభీమవరంలో పనిచేస్తున్న నా పాత సహోద్యోగి ఒకరు పదహారేళ్లుగా క్యూసీలోనే ఉన్నారు, ఇప్పుడు డిప్యూటీ మేనేజరు. తనిఖీలను దగ్గరుండి ఎదుర్కొన్నవారు, షిఫ్టు అనలిస్టులు ఆయన మాట వింటారు. సొంత ఊరు చోడవరం కావడంతో తల్లిదండ్రులకు దగ్గరగా రావాలని చాలాకాలంగా చూస్తున్నారు. కంపెనీ పేరు చెప్పకుండా, మీ పత్రం చూపించకుండా, పరవాడ వైపు క్యూసీ హెడ్ ఉద్యోగం ఉంటే మాట్లాడతారా అని మాత్రం నిన్న అడిగాను. సరేనన్నారు, తన నంబరు మీకు ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. విడిగా వాట్సాప్‌లో పంపిస్తాను. ఆయనకు ఇంగ్లీషులో గడగడా మాట్లాడే అలవాటు లేదు, అందువల్ల మొదటి పది నిమిషాలు చూసి అంచనా వేయవద్దని ప్యానెల్‌కు ఒక మాట చెప్పండి. విచారణ నివేదికలు రాయడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

నా విషయానికి వస్తే, ఇప్పుడున్న చోట నాకు ఇబ్బందేమీ లేదు, తొందరా లేదు. కాని మలినాల విశ్లేషణ, ముఖ్యంగా నైట్రోసమైన్ల మీద పనిచేసే బృందాన్ని నడిపే అవకాశం వస్తే తప్పక వింటాను. 2018లో వల్సార్టన్ అనే రక్తపోటు మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ బయటపడినప్పటి నుంచి ఈ పని పెరుగుతూనే ఉంది. రోజుకు 96 నానోగ్రాముల హద్దు దగ్గర ఒక మలినాన్ని నమ్మకంగా కొలవడానికి ఎల్‌సీ-ఎంఎస్ పరికరం ముందు పడిగాపులు కాయడంలో ఉన్న ఆనందం బయటివాళ్లకు చెబితే నవ్వుతారు, మీరు నవ్వరని నా నమ్మకం. 2027 ఏప్రిల్ వరకు బాచుపల్లి, జీడిమెట్ల, పటాన్‌చెరు, జీనోమ్ వ్యాలీ వైపు అయితేనే నాకు కుదురుతుంది. అమ్మాయి పరీక్షలు అయ్యాక విశాఖ వైపు అయినా ఆలోచిస్తాం, ఎందుకంటే మా వారికీ అక్కడ బంధువర్గం ఉంది. హోదా ఒక మెట్టు తక్కువైనా ఫర్వాలేదు, చేతితో చేసే పని మిగిలి ఉండాలి. నోటీసు కాలం 90 రోజులు, దానిలో మార్పు లేదు.

ఈ వివరాలకు సరిపోని ఉద్యోగమైనా, మంచి మనిషి ఎవరైనా దొరుకుతారేమో అడగాలనిపిస్తే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. పనిరోజుల్లో సాయంత్రం ఏడు దాటాక, లేదా ఆదివారం ఉదయం నేను తీరికగా ఉంటాను. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకువెళ్లనివ్వరు కనుక పగటిపూట ఎత్తకపోతే మరోలా అనుకోవద్దు.

మా పాత సహోద్యోగి నంబరు ఈ రాత్రికే పంపిస్తాను. ఆయన ఈ వారమంతా రాత్రి షిఫ్టులో ఉన్నారు, మధ్యాహ్నం మూడు తర్వాత మాట్లాడగలరు.

కృతజ్ఞతలతో,
భవదీయురాలు
సుజాత
నిజాంపేట, హైదరాబాద్