డాక్టర్ మాధవి మానసిక వైద్య రెసిడెన్సీ దరఖాస్తుకు పర్యవేక్షక కన్సల్టెంట్ సిఫారసు లేఖ

రెసిడెన్సీ ఎంపిక సంఘం సభ్యులకు,

నమస్కారం.

మీ రెసిడెన్సీలో చేరడానికి డాక్టర్ మాధవి పెట్టుకున్న దరఖాస్తును సమర్థిస్తూ ఈ లేఖ రాస్తున్నాను. మా బోధనాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఆమె పనిచేసిన ఆరు నెలలూ నేనే ఆమెకు పర్యవేక్షక కన్సల్టెంటును. వార్డు రౌండ్స్‌లోనూ, వారం వారం జరిగే పర్యవేక్షణ సమావేశాల్లోనూ, ఇతర విభాగాలవాళ్లు మమ్మల్ని పిలిపించిన కేసుల్లోనూ ఆమె పనిని దగ్గరగా చూశాను. ఆమె రోగులతో మాట్లాడుతున్నప్పుడు పక్కన కూర్చుని గమనించిన సందర్భాలు కూడా చాలా ఉన్నాయి. పిల్లల మానసిక వైద్యంలోనూ, ఈసీటీలోనూ ఆమె పనిని నేను చూడలేదు కాబట్టి వాటి గురించి నా అభిప్రాయం చెప్పడం లేదు. రోగుల గుర్తింపు బయటపడకుండా కొన్ని వివరాలు మార్చి రాశాను.

ఆమెలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే గుణం, తన చేతికి వచ్చిన రోగనిర్ధారణను అలాగే ఒప్పుకోకుండా రోగిని మొదటి నుంచి తానే పరీక్షించడం. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక వృద్ధుడు మూడో రాత్రి గదిలో లేని మనుషులు కనిపిస్తున్నారని అరుస్తూ, సెలైన్ గొట్టం పీకేసుకుంటున్నాడని, సైకోసిస్‌గా భావించి మా వార్డుకు మార్చుకోమని సర్జరీ విభాగం నుంచి పిలుపు వచ్చింది. డాక్టర్ మాధవి వెళ్లి ఆయన చేత నెలల పేర్లు వెనక నుంచి చెప్పించి ఏకాగ్రత నిలవడం లేదని గ్రహించింది. పొద్దున కుటుంబ సభ్యులను బాగానే గుర్తుపట్టిన మనిషి సాయంత్రానికి అయోమయంలో పడుతున్నాడని నర్సుల నోట్స్‌లోంచి పట్టుకుంది. పొట్ట పరీక్షించి మూత్రం నిలిచిపోయి ఉందని కనిపెట్టింది. మందుల చీటీ చూసి, ఆ వయసులో మతి భ్రమింపజేయగల యాంటికొలినెర్జిక్ మందు ఒకటి కొత్తగా మొదలైన సంగతి గుర్తించింది. ఇది డెలీరియమని, ఆ మందు ఆపి, మూత్రం బయటికి తీసి, ఇన్ఫెక్షన్ కోసం వెతకాలని, మానసిక వైద్య వార్డుకు మార్చడం వల్ల ఆయనకు నష్టమే తప్ప లాభం లేదని కారణాలతో సహా రాసింది. ఆ తరవాత భయపడిపోయి ఉన్న ఆయన కొడుకును కూర్చోబెట్టి, ఇది ఒంట్లోని ఇబ్బంది వల్ల వచ్చిన అయోమయమని, తెలిసిన మనిషి పక్కనుండి తేదీ, చోటు, పేర్లు నెమ్మదిగా గుర్తుచేస్తుంటే మేలని చెప్పింది. ఈ చివరి పని ఆమెను ఎవరూ చేయమనలేదు. కొద్ది రోజుల్లో ఆయన తేరుకున్నాడు.

ఆమె పరిశీలన ఎంత నిశితమో చూపే సంఘటన మరొకటి ఉంది. హాలోపెరిడాల్ మొదలుపెట్టిన ఒక యువకుడు నాలుగో రోజుకల్లా కుదురుగా కూర్చోలేక వార్డంతా తిరగసాగాడు. ఉద్రేకం పెరిగిందని కేస్ షీట్‌లో రాసి, మందు మోతాదు పెంచాలని రాత్రి డ్యూటీలో ఉన్న సీనియర్ నిర్ణయించారు. డాక్టర్ మాధవి ఆ అబ్బాయితో పాటు నడుస్తూనే మాట్లాడి, అతనికి కోపం గాని అనుమానాలు గాని కొత్తగా పెరగలేదని, కాళ్లలో భరించలేని అసహనం వల్ల నిలబడలేకపోతున్నాడని తెలుసుకుంది. అకథీసియా అయి ఉంటుందని నాకు ఫోన్ చేసింది. పెంచబోయిన మోతాదును తగ్గించి, ప్రొప్రనొలాల్ ఇచ్చాక అతను నిద్రపోగలిగాడు. అకథీసియాను ఉద్రేకమనుకుని మందు పెంచితే బాధ రెట్టింపవుతుంది, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా పెరుగుతాయి కాబట్టి దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

ఇదే సంఘటన ఆమె బలహీనతను కూడా చూపిస్తుంది. ఆమె నాకు ఫోన్ చేసింది గాని, పక్కనే ఉన్న సీనియర్‌కు తన అనుమానం చెప్పలేదు. రౌండ్స్‌లోనూ అంతే, తనకన్నా పెద్దవాళ్ల అభిప్రాయంతో ఏకీభవించనప్పుడు నోరు విప్పక, తరవాత కేస్ షీట్‌లో తన పరిశీలన రాసిపెడుతుంది. రాసింది సరైనదే అయినా, రోగికి ప్రమాదం ఉన్నప్పుడు అది వెంటనే వినిపించాలి. దీని గురించి మేం పలుమార్లు మాట్లాడుకున్నాం. చివరి నెలల్లో మార్పు కనిపించింది గాని, అది పూర్తయిందని చెప్పలేను. భిన్నాభిప్రాయాన్ని స్వాగతించే సీనియర్ల దగ్గర ఆమె త్వరగా ఎదుగుతుందని నా నమ్మకం.

ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడంలో మొదట్లో ఆమెకు తడబాటు ఉండేది. "చనిపోవాలన్న ఆలోచనలేమీ లేవు కదా?" అని అడిగేది, అలా అడిగితే రోగి లేవనే అంటాడు. నేను ఎత్తిచూపినప్పుడు ఆమె సమర్థించుకోలేదు. తన ప్రశ్నలను తానే రాసుకుని, నా ఎదుట పలికి చూసి మార్చుకుంది. ఇప్పుడు ఆలోచన, ఉద్దేశం, పథకం, అందుబాటులో ఉన్న సాధనాలు, గతంలో చేసిన ప్రయత్నాలు వరసగా, స్పష్టంగా, రోగి ముఖం చూస్తూ అడుగుతుంది. అక్కడితో ఆగకుండా, ఇంట్లో ఉన్న పురుగుమందును ఎవరు, ఎప్పుడు తొలగిస్తారో డిశ్చార్జ్‌కు ముందే కుటుంబంతో మాట్లాడి తేలుస్తుంది. ఎమర్జెన్సీలో ఆమె చేసిన అంచనాలను నేను మళ్లీ పరిశీలించినప్పుడు వాటి మీద ఆధారపడగలిగాను.

మందుల విషయంలో జాగ్రత్త గలది. లిథియం పరీక్షకు రక్తం చివరి మోతాదు తీసుకున్న 12 గంటలకు తీయించడం, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు సమయానికి చేయించడం, రోగి నొప్పులకు ఐబూప్రొఫెన్ లాంటివి వాడుతున్నాడా అని అడగడం ఆమె మరవగా నేను చూడలేదు. సైకోథెరపీలో మాత్రం ఆమెది ప్రాథమిక స్థాయే. ఓపికగా వింటుంది, కాని రోగి మౌనంగా ఉండిపోతే తొందరపడి ధైర్యం చెప్పేస్తుంది. పర్యవేక్షణలో క్రమబద్ధమైన శిక్షణ ఆమెకు అవసరం.

అవుట్‌పేషెంట్‌లో ఆమె నిదానంగా పనిచేస్తుందన్నది కూడా మీరు తెలుసుకోవలసిన విషయమే. రద్దీ ఉన్న రోజుల్లో కొత్త రోగికి పట్టే సమయం తోటివారికంటే ఎక్కువ, కేస్ షీట్ అవసరానికి మించి పొడుగు. కొంత మెరుగుపడింది, కాని రోగుల సంఖ్య ఎక్కువగా ఉండే చోట మొదటి ఏడాది ఆమెకు ఒత్తిడి తప్పదు. ఆమె కుదించవలసింది రాతనే గాని, రోగి మాట వినే సమయాన్ని కాదని ఆమెకు చెప్పాను, మీకూ చెబుతున్నాను.

నర్సులు, సామాజిక కార్యకర్తలు ఆమెతో పనిచేయడానికి ఇష్టపడతారు. రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచుతుంది, సెలవు పెట్టిన రోజు కూడా తన రోగుల బాధ్యతను రాతపూర్వకంగా అప్పగించి వెళుతుంది. ఆమె నిజాయితీని, వృత్తిధర్మాన్ని శంకించవలసిన సందర్భం నాకు ఒక్కటీ రాలేదు.

రోగి పరీక్ష, రోగనిర్ధారణ విషయాల్లో నా దగ్గర శిక్షణ పొందినవారిలో ఆమెను ముందువరసలో ఉంచుతాను. వేగంలో, సైకోథెరపీలో సగటు స్థాయిలో ఉంచుతాను. ఈ లోపాలన్నీ తెలిసే, ఆమెను రెసిడెన్సీకి గట్టిగా సిఫారసు చేస్తున్నాను. మా విభాగంలోనే చోటు ఉండి ఉంటే ఆమెను సంతోషంగా తీసుకునేవాణ్ణి.

ఈ లేఖను పంపేముందు డాక్టర్ మాధవికి చదివి వినిపించాను. పైన రాసిన ఏ విషయం మీదైనా మరింత వివరణ కావాలంటే విభాగం కార్యాలయం ద్వారా నన్ను సంప్రదించండి, స్వయంగా మాట్లాడతాను.

భవదీయుడు,
పర్యవేక్షక కన్సల్టెంట్,
మానసిక వైద్య విభాగం