వెనక్కి తిప్పి చదువుదాం: ఒక చిప్స్ ప్యాకెట్ ఫోటో

సైన్స్ మేడమ్ గారికి, న్యూట్రిషన్ క్లబ్ మిత్రులకి నమస్కారం. నేను తొమ్మిదో తరగతి బి సెక్షన్. మేడమ్ నాకు పది నిమిషాలు ఇచ్చారు, ఆ తర్వాత ఎలాగూ బెల్ కొట్టేస్తారు. కాబట్టి నేరుగా ఫోటో దగ్గరికి వెళ్దాం.

బోర్డు మీద కనిపిస్తున్నది మసాలా చిప్స్ ప్యాకెట్ వెనక వైపు, పోషకాల పట్టిక ఉన్న లేబుల్. మొన్న ఆదివారం మా వీధి చివర కిరాణా కొట్లో ఇరవై రూపాయలకి కొన్నాను. కంపెనీ పేరున్న ముక్క కావాలనే కత్తిరించేశాను. పేరు కనిపిస్తే సగం మంది "అది నా ఫేవరెట్" అని, మిగతా సగం "దానికన్నా ఇంకోటి బాగుంటుంది" అని మొదలుపెడతారు, పది నిమిషాలూ అందులోనే పోతాయి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ ప్యాకెట్ మొత్తం నేనొక్కదాన్నే తిన్నాను. గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో లెక్కలోకి వస్తుంది.

ఇది నేను తీసిన నాలుగో ఫోటో. మొదటిసారి ప్యాకెట్ ఇంకా గాలితో ఉబ్బే ఉంది, ట్యూబ్‌లైట్ వెలుగు దానిమీద పడి సగం పట్టిక తెల్లగా మెరిసిపోయింది. రెండోసారి వెనకాల నిలువుగా అతుకు ఉంటుంది చూడండి, దాని మడత కింద పట్టికలో కుడివైపు వరుస దాక్కుంది. మూడోది బాగానే వచ్చింది గానీ, మా గ్రూపులో పెట్టేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి, 3 ఏదో 8 ఏదో తెలియలేదు. 33 గ్రాముల కొవ్వుని 38 అని చదివితే లెక్కంతా తప్పే కదా. చివరికి ప్యాకెట్ ఖాళీ చేసి, అతుకు విప్పి, సోషల్ పుస్తకం కింద కాసేపు పెట్టి చదును చేసి, కిటికీ దగ్గర పగటి వెలుగులో తీశాను. గ్రూపులో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను. అలా పంపితే సైజు తగ్గిపోదు, జూమ్ చేసినా అక్షరాలు అలా అలుక్కుపోవు. మీరూ అలాగే పంపండి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ముందు ఏం చదవాలి?

"క్యాలరీలు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ అదే అంటారు, నేనూ మొన్నటిదాకా అదే అనుకున్నాను. కానీ ముందు వేలు పెట్టాల్సింది ఇక్కడ, పట్టిక నెత్తిన చీమల్లా ఉన్న ఈ వరుస మీద. జూమ్ చేస్తున్నాను. "సర్వింగ్ సైజు 20 గ్రాములు. ఈ ప్యాకెట్‌లో సర్వింగ్‌లు సుమారు 2.5." కింద మూలన నికర బరువు 50 గ్రాములు అని ఉంది. అంటే కంపెనీ లెక్కలో ఈ ప్యాకెట్ ఇద్దరున్నర మందికి. ఆ అర మనిషి ఎవరో నాకు తెలియదు. మా ఇంట్లో అయితే లేరు.

దీన్ని ఎందుకు పట్టుకున్నానంటే, పట్టికలో రెండు నిలువు వరుసలున్నాయి. ఒకటి వంద గ్రాములకి ఎంతో చెప్తుంది. రెండోది ఒక సర్వింగ్ తింటే, రోజుకి తీసుకోదగ్గ దాంట్లో ఎంత శాతం అయిపోతుందో చెప్తుంది. ఈ రెండింటిలో ఏదీ నేను తిన్న 50 గ్రాముల లెక్క కాదు. అది మనమే వేసుకోవాలి. కష్టమేమీ కాదు, వంద గ్రాముల వరుసలో సగం.

రాసుకునేవాళ్ళు రాసుకోండి. వంద గ్రాములకి శక్తి 540 కిలో క్యాలరీలు, ప్రొటీన్ 6.5 గ్రాములు, కార్బోహైడ్రేట్లు 54, కొవ్వు 33, అందులో శాచురేటెడ్ కొవ్వు 14, సోడియం 820 మిల్లీగ్రాములు. సగం చేస్తే నా కడుపులోకి వెళ్ళింది 270 క్యాలరీలు, పదహారున్నర గ్రాముల కొవ్వు, 410 మిల్లీగ్రాముల సోడియం. పదహారున్నర గ్రాములంటే మూడు టీస్పూన్ల పైనే నూనె. మా అమ్మ దోసెకి అంత నూనె వేస్తే నేనే గొడవ చేస్తాను.

సోడియం దగ్గర కాస్త ఆగుదాం. లేబుల్ మీద "ఉప్పు ఇంత" అని చెప్పరు, సోడియం అంటారు. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 410 ఇంటూ 2.5, వెయ్యికి పైన ఇరవై ఐదు. అంటే ఒక గ్రాము ఉప్పు. రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబుల్ లెక్క కూడా అదే, రోజుకి 2000 మిల్లీగ్రాముల సోడియం. అందులో ఐదో వంతు ఈ ఒక్క ప్యాకెట్‌తోనే అయిపోయింది. రాత్రి చారు, పచ్చడి, పెరుగన్నంలో నంజుకునే ఊరమిరపకాయ ఇంకా మొదలే కాలేదు. మరి శాతాల వరుసలో సోడియం ఎంత ఉందో చూడండి. 8 శాతం. అబద్ధమా? కాదు. 20 గ్రాములే తింటే అది నిజమే.

ఆ శాతాలు కూడా రోజుకి 2000 కిలో క్యాలరీలు తినే మనిషిని లెక్కలో పెట్టుకుని వేసినవి. ఒకటో తరగతి చదివే మా తమ్ముడు అంత తినడు. అదే ప్యాకెట్ వాడి చేతిలో ఉంటే వాడి రోజులో అది ఇంకా పెద్ద వాటా.

ఇక పదార్థాల జాబితా. దీనికి ఒకటే రూలు, ఏది ఎక్కువ బరువు వేశారో అది ముందు వస్తుంది. ఇక్కడ బంగాళాదుంప, తర్వాత పామోలిన్ నూనె, ఆ తర్వాత మసాలా మిశ్రమం. ముందువైపు ఫోటో చూపిస్తాను. నీటి చుక్కలతో నిగనిగలాడే టమాటా, పక్కన పుదీనా ఆకు. చూస్తేనే తోటలోకి వెళ్ళినట్టుంది. వెనక్కి తిప్పి జాబితాలో టమాటా కోసం వెతకండి. దొరికిందా? కింది నుంచి మూడో వరుసలో, "టమాటా పొడి 0.4 శాతం". 50 గ్రాముల ప్యాకెట్‌లో 0.2 గ్రాములు. చిటికెడు కూడా రాదు. పుదీనా పేరైతే నాకు ఎక్కడా కనిపించలేదు.

ముందువైపే ఇంకో మాట ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది, "కొలెస్ట్రాల్ లేదు". నిజమే. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు. నీళ్ళ సీసా మీద "కారం లేదు" అని రాసినట్టుంది. చూడాల్సింది ఒంట్లో కొలెస్ట్రాల్‌ని పెంచే శాచురేటెడ్ కొవ్వు వరుస. నేను తిన్నది 7 గ్రాములు, రోజుకి పెట్టిన 22 గ్రాముల్లో దాదాపు మూడో వంతు.

పదార్థాల జాబితాలో ఉండే నంబర్లు చూసి కొంతమంది భయపడతారు. అంత టెన్షన్ అక్కర్లేదు. ఇక్కడున్న 330 అంటే సిట్రిక్ యాసిడ్, మన వంటింట్లో నిమ్మ ఉప్పు అనేది అదే. బిస్కెట్ల మీద కనిపించే 500 వంట సోడా. 627, 631 రుచిని పెంచడానికి వేసేవి. చెయ్యి ఆగకుండా ప్యాకెట్‌లోకి వెళ్తూ ఉంటుంది కదా, అందులో ఉప్పు, నూనెలతో పాటు వీటికీ పాత్ర ఉండొచ్చు.

చక్కెర ఈ ప్యాకెట్‌లో పెద్దగా లేదు, వంద గ్రాములకి 4 గ్రాములు. బిస్కెట్లు, కూల్‌డ్రింకుల దగ్గర మాత్రం అదే అసలు వరుస. అక్కడ "మొత్తం చక్కెర", "చేర్చిన చక్కెర" అని విడిగా ఉంటాయి. పాలలో, పండులో ఉండేది మొదటి దాంట్లోనే లెక్క. బయటి నుంచి కలిపింది రెండోది, దానికి లేబుల్ లెక్కలో రోజుకి 50 గ్రాములు హద్దు. టీస్పూనుకి సుమారు 4 గ్రాములు అనుకుని భాగించి చూడండి. జాబితాలో చక్కెర ఒకచోట, ఇన్వర్ట్ సిరప్ ఒకచోట, లిక్విడ్ గ్లూకోజ్ ఒకచోట ఉంటే అవన్నీ ఒకే కుటుంబం. విడివిడిగా నిలబడ్డాయి కాబట్టి మైదా కన్నా వెనక కనిపిస్తాయి.

మా నాయనమ్మకి బీపీ. ఉప్పు తగ్గించమన్నారని ఆవకాయ మానేసింది. మానేసిన రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది లెండి. కానీ సాయంత్రం టీతో ఆరేడు బిస్కెట్లు తినేది. తియ్యగా ఉంటాయి, ఉప్పు ఎక్కడిది అనుకునేవాళ్ళం. ఈ ప్రసంగం కోసం ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తిప్పి చూస్తుంటే ఆ బిస్కెట్ ప్యాకెట్‌లో కూడా సోడియం కనిపించింది. పిండిలో ఉప్పు వేస్తారు, పొంగడానికి వేసే సోడాలోనూ సోడియం ఉంటుంది. నాలుకకి తెలియదు, పట్టికకి తెలుసు. నాయనమ్మకి చదివి వినిపిస్తే, "అయితే నా ఆవకాయ నాకిచ్చెయ్యండి" అంది.

ముందువైపు పేరు నమ్మకూడదనడానికి మన హైదరాబాద్ సంగతే ఉంది. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని అమ్మే తియ్యటి డ్రింకుల మీద అక్కడి పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటని అలా వాడకూడదని ఆదేశాలిచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా లేబుల్ చదవడం ఒక సూత్రం.

మిగతావి గబగబా. శాకాహారమైతే చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమ రంగు త్రికోణం. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు. తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో. జాబితా చివర "ఇందులో పాలు, సోయా ఉన్నాయి" లాంటి వాక్యం. వేరుశెనగ పడనివాళ్ళకి ఆ ఒక్క వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు సర్వింగ్ సైజు కన్నా ముందు అదే చదవాలి. మరీ బుల్లి ప్యాకెట్లకి ఈ పట్టిక వెయ్యకుండా మినహాయింపు ఉంది, కాబట్టి ఐదు రూపాయల ప్యాకెట్ మీద లేకపోతే పెద్ద ప్యాకెట్ తిప్పి చూడండి.

"మరి ఇంట్లో చేసిన జంతికలకి లేబుల్ ఏదీ?" అని మా తమ్ముడు అడిగాడు. లేదు. అందులోనూ నూనె, ఉప్పు ఉంటాయి. ఇంట్లో చేసినంత మాత్రాన క్యాలరీలు మాయమవ్వవు. కాకపోతే ఎంత ఉప్పు వేశావని అడగడానికి అమ్మ ఉంటుంది.

మేడమ్ గడియారం చూస్తున్నారు. మీ ఒక్కో బెంచీకి ఒక్కో ప్రింటు ఇస్తున్నాను, అన్నీ వేరువేరు ప్యాకెట్ల ఫోటోలు. ముందు సర్వింగ్ సైజు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. తర్వాత ప్యాకెట్ మొత్తానికి ఉప్పు ఎన్ని గ్రాములో వెనక రాయండి. మూడో బెంచీ వాళ్ళకిచ్చిన ఫోటోలో కుడి వరుస మడత కింద ఉంది, అది నేను తీసిన రెండో ఫోటో, అందులో ఏం కనిపించడం లేదో కూడా మీరే చెప్పాలి. పెన్సిళ్ళు తీయండి.