మిర్చి పొడి యూనిట్: మూడేళ్ల లాభనష్టాల ఖాతాపై కామన్ సైజ్, ట్రెండ్ శాతాల విశ్లేషణ

భాగస్వాములకు,

క్యాష్ క్రెడిట్ లిమిట్ రెన్యువల్‌కు ముందు మీరు కోరిన విశ్లేషణ ఇది. గుంటూరు యూనిట్‌కు చెందిన మొదటి రెండేళ్ల అంకెలు ఆడిట్ అయినవి, 2024-25వి ఇంకా తాత్కాలికమే. మొత్తాలన్నీ లక్షల రూపాయల్లో, జీఎస్టీ తీసేసి ఇచ్చాం. కామన్ సైజ్‌లో ఆ ఏటి అమ్మకాలను 100గా తీసుకున్నాం. ట్రెండ్‌లో ప్రతి పద్దుకూ 2022-23 మొత్తమే 100.

| పద్దు | 2022-23 | 2023-24 | 2024-25 | అమ్మకాల్లో % (మూడేళ్లు) | ట్రెండ్ 2023-24 | ట్రెండ్ 2024-25 |
|---|---|---|---|---|---|---|
| అమ్మకాలు | 1,200.0 | 1,500.0 | 1,380.0 | 100 / 100 / 100 | 125.0 | 115.0 |
| వాడిన మిర్చి | 900.0 | 1,155.0 | 1,079.2 | 75.0 / 77.0 / 78.2 | 128.3 | 119.9 |
| కూలి, కరెంటు, ప్యాకింగ్ | 72.0 | 84.0 | 88.3 | 6.0 / 5.6 / 6.4 | 116.7 | 122.6 |
| స్థూల లాభం | 228.0 | 261.0 | 212.5 | 19.0 / 17.4 / 15.4 | 114.5 | 93.2 |
| రవాణా, కమీషన్ | 54.0 | 72.0 | 71.8 | 4.5 / 4.8 / 5.2 | 133.3 | 133.0 |
| జీతాలు, ఆఫీసు | 48.0 | 54.0 | 58.0 | 4.0 / 3.6 / 4.2 | 112.5 | 120.8 |
| కోల్డ్ స్టోరేజీ అద్దె | 12.0 | 18.0 | 26.2 | 1.0 / 1.2 / 1.9 | 150.0 | 218.3 |
| తరుగుదల | 18.0 | 16.5 | 21.0 | 1.5 / 1.1 / 1.5 | 91.7 | 116.7 |
| నిర్వహణ లాభం | 96.0 | 100.5 | 35.5 | 8.0 / 6.7 / 2.6 | 104.7 | 37.0 |
| వడ్డీ | 30.0 | 37.5 | 41.4 | 2.5 / 2.5 / 3.0 | 125.0 | 138.0 |
| ఇతర ఆదాయం | 2.4 | 3.0 | 16.6 | 0.2 / 0.2 / 1.2 | 125.0 | 691.7 |
| పన్నుకు ముందు లాభం | 68.4 | 66.0 | 10.7 | 5.7 / 4.4 / 0.8 | 96.5 | 15.6 |

పట్టిక చదివే ముందు రెండు సంగతులు. 2022-23లో కోల్డ్ స్టోరేజీ అద్దె 12 లక్షలను ఆఫీసు ఖర్చుల్లో కలిపి రాశారు. దాన్ని విడదీశాం. లేకపోతే ఆఫీసు ఖర్చులు 60 నుంచి 58కి తగ్గినట్టు, ట్రెండ్ 96.7 అయినట్టు కనిపించేది. నిజానికి అవి పెరిగాయి. ఇక భాగస్వాముల వేతనం జీతాల పద్దులోనే ఉంది. ఆదాయపన్ను లెక్కలో దాని పరిమితి, తరుగుదల వేరుగా వస్తాయి కాబట్టి పన్నుకు ముందు లాభం దగ్గరే ఆగాం.

అమ్మకాలు: రూపాయి వేరు, కిలో వేరు

ట్రెండ్ 125కు ఎక్కి 115కు దిగడం చూసి రెండో ఏడు వ్యాపారం బాగా పెరిగిందని, మూడో ఏడు తగ్గిందని అనుకుంటే పొరపాటే. పరిమాణం చూడండి: 480, 500, 575 టన్నులు. ట్రెండ్ 100, 104.2, 119.8. కిలో సగటు అమ్మకం ధర 250, 300, 240 రూపాయలు. రెండో ఏటి పెరుగుదలలో ఎక్కువ భాగం ధరదే. మూడో ఏడు 15 శాతం ఎక్కువ సరుకు అమ్మినా, ధర 20 శాతం పడటంతో అమ్మకాలు 8 శాతం తగ్గాయి.

ఈ కారణంగానే కామన్ సైజ్ శాతాలను యథాతథంగా నమ్మకూడదు. కూలి, కరెంటు, ప్యాకింగ్ 5.6 నుంచి 6.4 శాతానికి పెరిగాయి. కిలోకు చూస్తే 16.80 నుంచి 15.36 రూపాయలకు తగ్గాయి. రవాణా, కమీషన్ 4.8 నుంచి 5.2 అయింది, కిలోకు మాత్రం 14.40 నుంచి 12.49కి దిగింది. అమ్మకం ధర పడినప్పుడు కింద ఉన్న హారం చిన్నదై ప్రతి ఖర్చూ పెద్దగా కనిపిస్తుంది. ఈ పట్టికను ఆధారం చేసుకుని కూలీలను తగ్గించాలనే నిర్ణయానికి రావద్దు. అసలు జబ్బు అక్కడ లేదు.

ముడిసరుకు, నిల్వ: లాభం పోయింది ఇక్కడే

తొడిమలు, తాలు, తేమ పోగా 100 కిలోల కాయకు మీకు 88 కిలోల పొడి వస్తోంది. ఆ లెక్కన వాడిన కాయ క్వింటాల్ సగటు ధర 16,500, 20,330, 16,520 రూపాయలు. మూడో ఏడు మార్కెట్ ఇంతకన్నా బాగా కిందికి వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆమోదించిన ధర క్వింటాల్‌కు 11,781. యార్డులో ప్రతి లాటూ ఆ రేటుకే అమ్ముడుపోయిందని కాదు గానీ, ధర ఎటు నడిచిందో అది చెబుతుంది. మీరు మాత్రం అంతకుముందు సీజన్లో ఎక్కువ రేటుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయను ఆడిస్తూ, పొడిని కొత్త ధరకు అమ్మారు. కిలోకు మిర్చి ఖర్చు పోగా మిగిలింది 62.50, 69.00, 52.31 రూపాయలు.

నిల్వ ఖర్చు అద్దెతో ఆగలేదు. అద్దె, వడ్డీ కలిపితే 42.0, 55.5, 67.6 లక్షలు, అమ్మకాల్లో 3.5, 3.7, 4.9 శాతం. పట్టికలో ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి విడివిడిగా చిన్నవిగా తోస్తాయి. బ్యాంకు అధికారి కలిపే చూస్తాడు. నిర్వహణ లాభం వడ్డీకి 2022-23లో 3.20 రెట్లు, తర్వాత 2.68, ఇప్పుడు 0.86. అంటే వ్యాపారం మీద వచ్చింది వడ్డీకే చాలలేదు.

10.7 లక్షల లాభం ఎలా వచ్చింది?

ఇతర ఆదాయం ట్రెండ్ 691.7 చూసి కంగారు పడక్కర్లేదు. ఆధార సంవత్సరం మొత్తం 2.4 లక్షలే, అంత చిన్న అంకె మీద ట్రెండ్ శాతానికి అర్థం ఉండదు. లోపలున్న పద్దు మాత్రం ముఖ్యం. పాత పల్వరైజర్ అమ్మగా వచ్చిన లాభం 13.8 లక్షలు అందులో ఉంది. అది మళ్లీ రాదు. తీసేస్తే పన్నుకు ముందు 3.1 లక్షల నష్టం.

ఇంకో లెక్క మిగిలి ఉంది. మార్చి 31న కోల్డ్ స్టోరేజీలో ఉన్న 400 క్వింటాళ్లను కొన్న ధర 16,200 చొప్పున 64.8 లక్షలుగా చూపారు. ముడిసరుకు రేటు పడినంత మాత్రాన, నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 ప్రకారం విలువ తగ్గించనక్కర్లేదు, దానితో తయారైన పొడి తన ఖర్చుకు తగ్గకుండా అమ్ముడుపోతే చాలు. ఈ కాయతో కిలో పొడికి మిర్చే 184 రూపాయలు, దానికి ఆడించే ఖర్చు, రవాణా కలిపితే దాదాపు 212 అవుతుంది. మీ చేతిలో ఉన్న ఏప్రిల్ ఆర్డర్లు 205కి. కాబట్టి తగ్గించక తప్పదు, మళ్లీ కొనాలంటే అయ్యే ధరను కొలమానంగా తీసుకోవచ్చు. మీరు చెప్పిన 12,000 రేటుతో నిల్వ 48.0 లక్షలు, తగ్గింపు 16.8. అప్పుడు వాడిన మిర్చి 79.4 శాతానికి చేరుతుంది, 10.7 లాభం 6.1 లక్షల నష్టం అవుతుంది. యంత్రం అమ్మకం కూడా తీసేస్తే నష్టం 19.9 లక్షలు.

బ్యాంకుకు వెళ్లే ముందు

తగ్గించిన నిల్వ విలువతోనే ఖాతాలు ఖరారు చేయండి. ఏప్రిల్ స్టాక్ స్టేట్‌మెంట్‌లో పాత ధర, బ్యాలెన్స్ షీట్‌లో కొత్త ధర ఉంటే డ్రాయింగ్ పవర్ దగ్గరే మొదటి ప్రశ్న వస్తుంది. పరిమాణం, కిలో ధరల లెక్కను ఈ పట్టిక వెనకే జతచేయండి. అమ్మకాలు తగ్గాయన్న మాటకు జవాబు అందులోనే ఉంది.

వచ్చే ఏడు షీట్‌ను మీ అకౌంటెంటే పొడిగించవచ్చు. 5వ వరుసలో అమ్మకాలు, B నిలువు వరుసలో 2022-23 ఉంటే:

```
=ROUND(B6/B$5*100,1)
=ROUND(D6/$B6*100,1)
```

మొదటిది కామన్ సైజ్, రెండోది ట్రెండ్. డాలర్ గుర్తు చోటు మారితే తప్పు వెంటనే కంటపడదు, శాతాలు నమ్మేలాగే వస్తాయి. కామన్ సైజ్‌లో ఖర్చుల శాతాలు కూడి, అమ్మకాల 100లోంచి తీసేసి, ఇతర ఆదాయం కలిపితే పన్నుకు ముందు లాభం శాతం రావాలి. దశాంశాల సర్దుబాటు వల్ల 0.1 తేడా వస్తే వదిలేయండి, అంతకు మించితే ఫార్ములా చూడండి.