విజయనగరం క్విజ్: రెండో యూనిట్ నోట్సు, మూడు రౌండ్లు

శనివారం రాత్రి మెస్ అయ్యాక, హాస్టల్ మేడ మీద. రెండు జట్లు: చంద్రగిరి, పెనుకొండ. ఈ కాగితం ప్రశ్నలు చదివేవాళ్ళ చేతిలోనే ఉండాలి. జవాబు కరెక్టని వివరణ ఎగ్గొట్టి ముందుకు పోవద్దు. పరీక్షలో మార్కులు తెచ్చేది అదే.

మొదటి రౌండ్: గబగబా
ఒక్కోదానికి 5 పాయింట్లు, పది సెకన్లు. తప్పుకు కోత లేదు.

1. విజయనగర స్థాపన ఎప్పుడు?
1336. హరిహరుడు, బుక్కరాయలు, సంగమ వంశం.

2. కృష్ణదేవరాయలది ఏ వంశం?
తుళువ. పాలన 1509–1529.

3. ఆయన కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు?
డొమింగో పేస్. నూనిజ్ అంటే సున్నా, అతను వచ్చింది అచ్యుతరాయల కాలంలో. అబ్దుర్ రజాక్ అంటే ఇంకా వెనక్కి, రెండో దేవరాయల దగ్గరికి పోయినట్టు.

రెండో రౌండ్: బోల్తా కొట్టించేవి
10 పాయింట్లు. తప్పైతే 5 కోత.

4. తళ్ళికోట యుద్ధం నాటికి రాజు ఎవరు?
సదాశివరాయలు. అందరూ అళియ రామరాయలనే అరుస్తారు, అరవనివ్వండి. పెత్తనం ఆయనదే, 1565 జనవరిలో సైన్యాన్ని నడిపి ప్రాణం పోగొట్టుకున్నదీ ఆయనే. సింహాసనం మాత్రం సదాశివునిది. సార్ క్లాసులో ఈ మాట నొక్కి చెప్పారు, పేపర్లో రాకుండా ఉండదు.

5. సాళువ నరసింహుడు రాజు కాకముందు ఎక్కడ అధికారి?
చంద్రగిరి. 1485లో సంగమ వంశాన్ని పక్కకు నెట్టి గద్దెనెక్కాడు. తిరుపతిలో చదువుతూ ఇది తప్పు చెప్తే కోత 10. ఇది నేను పెట్టిన రూలు, వాదనలు వద్దు.

మూడో రౌండ్: వాదన
20 పాయింట్లు. జట్టంతా రెండు నిమిషాలు మాట్లాడుకుని ఒక్కరే చెప్పాలి.

6. "తళ్ళికోటతో విజయనగర సామ్రాజ్యం ముగిసింది." ఒప్పుకుంటారా?
ఉత్త "కాదు"కు పాయింట్లు లేవు. కింది నాలుగింటికీ తలా 5.
– పాడైపోయింది రాజధాని. రాజ్యం తగ్గింది గానీ పోలేదు.
– రామరాయల తమ్ముడు తిరుమలరాయలు సదాశివుణ్ణీ ఖజానానూ తీసుకుని పెనుకొండ చేరాడు. తర్వాత అరవీటి వంశం మొదలైంది.
– రెండో వేంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి మారింది. మనం ఫోటోలు దిగే రాజమహల్ ఆ కోటలోదే.
– 1639లో ఇంగ్లీషువాళ్ళకు మద్రాసు స్థలం ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు చంద్రగిరి రాజు కింది నాయకుడు. అంటే తళ్ళికోట తర్వాత డెబ్బై ఏళ్ళు దాటినా ఆ రాజు పేరు చెల్లుతూనే ఉంది.
నాలుగోది ఎవరైనా అడక్కుండా చెప్తే ఇంకో 5 వేయండి.

సమానమైతే
తిరుమల గుడిలో కృష్ణదేవరాయల విగ్రహానికి చెరో పక్కా ఉన్న రాణులెవరు? ఇద్దరి పేర్లూ రావాలి.
తిరుమలదేవి, చిన్నాదేవి. లైన్లో తోపులాటకు చూళ్ళేదంటే కుదరదు, నోట్సులోనూ ఉంది.