సమస్య: నోటు మీద తేదీ, తేదీ లేని ఉత్తరం

2010 ఏప్రిల్ 12న భూషణం, వీరయ్య దగ్గర నాలుగు లక్షల రూపాయలు తీసుకుని, అడిగినప్పుడు చెల్లిస్తానని ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. వీరయ్య 2011 సెప్టెంబరు 3న చనిపోయాడు. భార్య అంతకు ముందే పోయింది. వారసుడు ఒక్కడే, 1997 ఆగస్టు 20న పుట్టిన కొడుకు రఘు. రఘు మేనమామ 2012 నవంబరులో బాకీ తీర్చమని నోటీసు పంపాడు. 2013 మార్చిలో భూషణం నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది: "మీ బావగారి దగ్గర నోటు మీద తెచ్చుకున్న బాకీ ఉన్న మాట నిజమే. కానీ ఈ ఏడు పంట పోయింది, ఇప్పట్లో పైసా ఇవ్వలేను." కింద సంతకం ఉంది, తేదీ లేదు. కవరు మీద తపాలా ముద్ర 2013 మార్చి 6. రఘు 2018 జులై 16న దావా వేశాడు. కాలదోషం పట్టిందని భూషణం వాదన. తేల్చండి.

జవాబు

ముందు గడియారం ఎప్పుడు తిరగడం మొదలైందో చూడాలి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. "అడిగినప్పుడు" అని ఉంది కాబట్టి 2012 నవంబరు నోటీసు నుంచి లెక్కపెడతారు. డిమాండు నోటుకు 1963 లిమిటేషన్ చట్టం షెడ్యూలులోని 35వ అధికరణం వర్తిస్తుంది. గడువు మూడేళ్లు, మొదలు నోటు తేదీ. నోటీసుతో పనిలేదు. 12వ సెక్షను ప్రకారం మొదటి రోజును వదిలేస్తే గడువు 2013 ఏప్రిల్ 12తో సరి.

వీరయ్య పోయేనాటికి రఘుకు పద్నాలుగేళ్లు. పిల్లవాడు కాబట్టి కాలం ఆగిందనుకోవడం సహజమే, కానీ 9వ సెక్షను ఒప్పుకోదు. ఒకసారి పరుగు మొదలయ్యాక, తర్వాత వచ్చిన మైనారిటీలాంటి ఏ అశక్తతా దాన్ని ఆపలేదు. 2010లో దావా హక్కు ఉన్నవాడు వీరయ్య, ఆయన మేజరు. మైనరుకు మేజరయ్యేదాకా ఆగే వీలిచ్చే 6వ సెక్షను చూసేది కాలం లెక్క మొదలయ్యే క్షణంలో హక్కుదారు పరిస్థితిని. కాబట్టి మైనారిటీ ఒక్కదాన్నే నమ్ముకుంటే రఘు 2013 ఏప్రిల్‌లోనే ఓడిపోయినట్టు.

ఇక ఉత్తరం. 18వ సెక్షను అడిగేవి రెండే: గడువు తీరకముందే రాతపూర్వకంగా బాధ్యతను ఒప్పుకోవడం, దానిమీద సంతకం. మొత్తం ఎంతో రాయలేదు, ఫరవాలేదు. "ఇవ్వలేను" అన్నాడు, అదీ ఫరవాలేదు. తిరస్కారం కలిసి ఉన్నా అంగీకారం అంగీకారమేనని, హక్కుదారుకు కాక వేరొకరికి రాసినా చెల్లుతుందని వివరణలోనే ఉంది. తేదీ లేకపోతే సంతకం ఎప్పుడు చేశాడో నోటి సాక్ష్యంతో చెప్పొచ్చు. ఉత్తరంలో ఏముందో మాత్రం నోటి మాటతో రుజువు చేయనివ్వరు, కాబట్టి కాగితం భద్రంగా ఉండాలి. ముద్ర మార్చి 6 నాటిది, సంతకం అంతకంటే తర్వాతది కాజాలదు. ఏప్రిల్ 12కి నెలకు పైగా ముందే. కొత్త మూడేళ్లు మొదలయ్యాయి.

మామూలుగా అయితే ఆ మూడేళ్లు 2016 మార్చితో ముగుస్తాయి. దావా 2018లో పడింది. ఇక్కడే అసలు వాదన. సంతకం పడిన రోజున రఘుకు పదిహేనేళ్లు. 18వ సెక్షను "కొత్త గడువు" అంటోంది, దాన్ని సంతకం నాటి నుంచి లెక్కించమంటోంది. 6వ సెక్షనులోని "లెక్క మొదలయ్యే సమయం" అనే మాట ఈ కొత్త గడువుకూ సరిగ్గా అతుకుతుంది. భూషణం లాయరు 9వ సెక్షనుతో ఎదురొస్తాడు: 2010లో మొదలైన పరుగు ఆగలేదు, ఉత్తరం దాన్ని పొడిగించిందంతే అంటాడు. నాకు ఆ వాదన బలహీనంగా కనిపిస్తుంది. ఆ సెక్షను అడ్డుకునేది లెక్క మొదలయ్యాక వచ్చిన అశక్తతను. 2013 మార్చి లెక్కకు రఘు మైనారిటీ తర్వాత వచ్చింది కాదు, అప్పటికే ఉన్నది.

దీన్ని అంగీకరిస్తే రఘు 2015 ఆగస్టు 20న మేజరయ్యాడు. అక్కడి నుంచి మూడేళ్లు, అంటే 2018 ఆగస్టు దాకా. 8వ సెక్షను పెట్టిన హద్దు కూడా అశక్తత పోయాక మూడేళ్లే, అది దాటలేదు. జులై 16 దావా గడువులోనే ఉంది. మేనమామ 2013లోనే రఘు తరఫున నెక్స్ట్ ఫ్రెండ్‌గా దావా వేసి ఉండొచ్చు కదా అంటే, వేయొచ్చు. 6వ సెక్షను ఆగే వీలిస్తుంది తప్ప ఆగమని చెప్పదు. అలా వేయకపోవడం రఘు హక్కును తగ్గించదు.

కోర్టు భూషణం వాదననే నమ్మితే 3వ సెక్షను కింద దావా కొట్టేయాల్సిందే. ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా అంతే. ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షను దావాలకు వర్తించదు.

చిన్న మార్పు: ఉత్తరం మీద సంతకం ఏప్రిల్ 20న పడి ఉంటే? అప్పటికి పాత గడువు తీరిపోయింది. ఉత్తరం అంగీకారంగా పనికిరాదు. కాంట్రాక్టు చట్టం 25(3) కింద కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానన్న రాతపూర్వక వాగ్దానం కావాలి. "ఇవ్వలేను" అన్నవాడి దగ్గర వాగ్దానం ఎక్కడిది?